అప్రాక్సిమేషన్ లెక్కల్లో ఎంత రౌండ్ చేయాలి, ఎటు రౌండ్ చేయాలి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి, అటు మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే. "సార్, లెక్క వస్తది. గానీ టైం సరిపోతలేదు. రౌండ్ చేస్తే ఆన్సర్ పక్క ఆప్షన్‌కు పోతుంది. ఎట్లా?"

గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ ప్రిలిమ్స్‌లో రీజనింగ్ 40, న్యూమరికల్ ఎబిలిటీ 40 కలిపి 45 నిమిషాల్లో చేయాలి. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. సింప్లిఫికేషన్, అప్రాక్సిమేషన్ లెక్కలకు ఒక్కోదానికి అర నిమిషం మించి పెడితే, డేటా ఇంటర్‌ప్రిటేషన్ మొదలుపెట్టేసరికి గంట కొడుతుంది. కాబట్టి ఇక్కడ వేగం కావాలి. అయితే ఈ వేగం చేతిరాత వల్ల రాదు, ఎక్కడ ఎంత వదిలేయొచ్చో తెలిస్తే వస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు నోటికి రావాలి. వీటికి తోడు కొన్ని శాతాలను భిన్నాలుగా గుర్తుపట్టాలి:

- 12.5% అంటే 1/8. దీన్నుంచే 37.5% (3/8), 62.5% (5/8), 87.5% (7/8) వస్తాయి.
- 16.66% అంటే 1/6, 83.33% అంటే 5/6.
- 14.28% అంటే 1/7. రెండింతలు 28.57%, నాలుగింతలు 57.14%.
- 11.11% అంటే 1/9, 9.09% అంటే 1/11.
- 33.33%, 66.66% మీకు తెలిసినవే.

పెద్ద పట్టిక అంటించుకుని 1/29 దాకా బట్టీ పట్టేవాళ్లు ఉన్నారు. అంత అవసరం లేదు. పైవి తడుముకోకుండా వస్తే చాలు.

1. మొదట ఆప్షన్ల మధ్య దూరం చూడండి

చాలామంది లెక్క చేశాక ఆప్షన్లు చూస్తారు. అప్రాక్సిమేషన్‌లో దీన్ని తిరగేయాలి. ఆప్షన్లు 242, 258, 274 అని ఉంటే దగ్గరి రెండింటి మధ్య తేడా 16. అంటే మీ జవాబు అసలు విలువకు అటో ఇటో 7 వరకు తప్పినా సరైన ఆప్షనే దగ్గరగా కనిపిస్తుంది. అదే ఆప్షన్లు 256, 258, 260 అయితే 1 తప్పినా ప్రమాదమే.

మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు వేబ్రిడ్జి మీద లారీ తూకంలో అయిదు కిలోలు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు, బంగారం షాపు కాటా మీద అయిదు గ్రాములకే గొడవవుతుంది. మీరు ఏ కాటా దగ్గర ఉన్నారో ఆప్షన్లు చెబుతాయి.

ఇదే చూపులో ఇంకో సంగతి కూడా తేల్చుకోండి. 39.97, 24.02 లాంటి అంకెలు కనిపిస్తే, ప్రశ్నలో సుమారు విలువ అని ఉంటే అది అప్రాక్సిమేషన్. పూర్ణాంకాలు, మిశ్రమ భిన్నాలే ఉంటే అది సింప్లిఫికేషన్, అందులో ఏదీ రౌండ్ చేయకూడదు.

2. రౌండ్ చేసేటప్పుడు దిక్కు చూసుకోండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

గుణకారంలో ఒకదాన్ని పెంచితే రెండోదాన్ని తగ్గించాలి. 48 × 63 తీసుకోండి. 48ని 50కి పెంచి, 63ని 60కి తగ్గిస్తే 3000 వస్తుంది. అసలు జవాబు 3024, తేడా 24 మాత్రమే. అలాకాకుండా రెండింటినీ పెంచి 50 × 65 చేస్తే 3250 వస్తుంది. తేడా 226. రెండు సందర్భాల్లోనూ మార్చింది రెండు మూడు అంకెలే, కానీ రెండోసారి తప్పులు రెండూ ఒకే వైపు లాగాయి.

భాగహారంలో ఇది తలకిందులవుతుంది. పైనున్న సంఖ్యను, కిందున్న సంఖ్యను ఒకే దిక్కుకు జరపాలి. రెండూ పెరగాలి, లేదంటే రెండూ తగ్గాలి. 3672 ÷ 51 చూడండి. 3600 ÷ 50 చేస్తే 72. అసలు జవాబు కూడా సరిగ్గా 72. 3672 దగ్గరున్న వంద 3700 కదా అని దాన్ని పెంచి, 51ని 50కి తగ్గిస్తే 74 వస్తుంది. బడిలో నేర్చుకున్న రౌండింగ్ నియమం ప్రకారం 3700 రాయడమే సరైనది. పరీక్ష లెక్కలో అదే నష్టం చేస్తుంది.

ఎంత జరపాలన్నది కూడా చూడాలి. 51 నుంచి 50కి రావడమంటే దాదాపు 2% తగ్గించడం. కాబట్టి 3672ను కూడా దాదాపు 2% తగ్గించాలి. 3672లో 2% అంటే 73. తీసేస్తే 3599. అందుకే 3600 సరిగ్గా కుదిరింది. పరీక్షలో ఇంత లెక్క వేయక్కర్లేదు. పెద్ద సంఖ్యలో 70 మార్చడం, చిన్న సంఖ్యలో 1 మార్చడం దాదాపు సమానమని గుర్తుంటే చాలు.

హెచ్చరిక: పదిలోపు సంఖ్యల్లో దశాంశం పెద్దదిగా ఉంటే రౌండ్ చేయకండి. 4.6 × 212లో 4.6ను 5 చేస్తే 1060 వస్తుంది, అసలు విలువ 975.2. 4.6 నుంచి 5కి జరపడం చిన్నగా కనిపిస్తుంది గానీ అది దాదాపు 9% పెంపు. దీన్ని విడగొట్టి చేయండి: 4.6 × 200 = 920, 4.6 × 12 = 55.2. అదే 4.02 అయితే 4 చేసుకోవచ్చు, 8.97 అయితే 9 చేసుకోవచ్చు. దీనికీ ఒక మినహాయింపు ఉంది, 5వ మెట్టులో చెబుతాను.

3. శాతం కనిపిస్తే భిన్నం వెతకండి

1681లో 57.14% ఎంత? 57.14% అంటే 4/7. 1681ని 7తో భాగించడానికి వీలుగా 1680 చేసుకోండి. 240 × 4 = 960. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సంఖ్యను దగ్గరి పదికో వందకో కాదు, హారంతో భాగింపబడే దగ్గరి సంఖ్యకు రౌండ్ చేయాలి. 1681ని 1700 చేస్తే 7తో తెగదు, పైగా దూరం పోయినట్టు అవుతుంది.

భిన్నం దొరకకపోతే విడగొట్టండి. 650లో 43% అంటే 40% = 260, 3% = 19.5, మొత్తం 279.5. లేదంటే తిప్పి రాయండి: 75లో 32% అన్నా 32లో 75% అన్నా ఒకటే, జవాబు 24. తిప్పి రాయడం చాలామందికి తెలుసు, కానీ టెన్షన్‌లో గుర్తుకు రాదు. రెండు సంఖ్యల్లో ఏదైనా 25, 50, 75 అయితే వెంటనే తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

వర్గమూలం వస్తే, దగ్గరి వర్గం వెతకండి. 1368 వర్గమూలం 37 (1369 = 37²). దగ్గర్లో వర్గం లేకపోతే, ఉదాహరణకు 750 అయితే, అది 729 (27²), 784 (28²) మధ్య ఉంది. 729 నుంచి 21 దూరం, మొత్తం దూరం 55. కాబట్టి 27.4 దగ్గర.

4. బోడ్‌మాస్: మూడు చోట్ల జాగ్రత్త

బ్రాకెట్లు ముందు, తర్వాత ఆఫ్, తర్వాత భాగహారం గుణకారం, చివర కూడిక తీసివేత. ఈ వరుస అందరికీ తెలుసు. తప్పులు జరిగేది మాత్రం ఈ మూడు చోట్ల.

ఒకటి, కూడిక తీసివేత. 50 − 18 + 7 ఎంత? బోడ్‌మాస్‌లో కూడిక అక్షరం ముందుంది కదా అని 18 + 7 = 25 చేసి, 50 నుంచి తీసేసి 25 అంటారు. జవాబు 39. కూడిక, తీసివేత రెండూ సమానమే, ఎడమ నుంచి కుడికి వెళ్లాలి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, ప్లస్ సంఖ్యలన్నీ ఒకచోట, మైనస్ సంఖ్యలన్నీ ఒకచోట కూడి చివర్లో ఒక్కసారి తీసేయండి: 57 − 18.

రెండు, భాగహారం గుణకారం. ఇవీ సమానమే. 72 ÷ 8 × 3 అంటే 9 × 3 = 27. ముందు 8 × 3 చేసి 3 అని రాస్తే తప్పు. ఇంకోలా చెప్పాలంటే, ÷ గుర్తు దాని వెంటనే ఉన్న సంఖ్యకే వర్తిస్తుంది.

మూడు, ఆఫ్. దీన్ని గుణకారంగా రాసుకోవడం మామూలుగా ఇబ్బంది పెట్టదు. దాని ముందు ÷ గుర్తు ఉన్నప్పుడే దెబ్బతీస్తుంది. 480 ÷ (40లో 30%) అని ఉందనుకోండి. ప్రశ్నలో బ్రాకెట్ ఉండదు, మీరే పెట్టుకోవాలి. 40లో 30% అంటే 12. 480 ÷ 12 = 40. బ్రాకెట్ పెట్టకుండా 480ని 0.3తో భాగించి 40తో గుణిస్తే 64,000 వస్తుంది. కాబట్టి ఆఫ్ కనిపించగానే దాని అటూ ఇటూ పెన్నుతో బ్రాకెట్ గీయండి. ప్రశ్న తెలుగులో చదువుతుంటే "లో" అన్న చోట అదే పని చేయండి.

మిశ్రమ భిన్నాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కూడిక తీసివేతల్లో పూర్ణాంకాలు వేరుగా, భిన్నాలు వేరుగా చేసుకోవచ్చు. 3½ + 4⅔ − 2⅚ లో పూర్ణాంకాలు 3 + 4 − 2 = 5. భిన్నాలు 3/6 + 4/6 − 5/6 = 2/6. జవాబు 5⅓. ఇదే పద్ధతిని గుణకారంలో వాడకండి. 2½ × 3⅓ అంటే 6 పక్కన 1/6 కాదు. 5/2 × 10/3 = 25/3, అంటే 8⅓.

5. ఇప్పుడు ఒక లెక్క మొత్తం చేద్దాం

959.87లో 62.48% + 3671.9 ÷ 50.97 − 18.03 × 14.98 = ? + (12.01)²

ఆప్షన్లు: 242, 258, 274, 378, 546.

మొదట దూరం. మీ జవాబు 250 దగ్గర పడితే పక్క ఆప్షన్‌తో తేడా 16. కాబట్టి పూర్ణాంకాలకు ధైర్యంగా రౌండ్ చేయొచ్చు. అయితే నాలుగు పదాలు ఉన్నాయి, నాలుగింట్లోనూ ఒకేవైపు తప్పితే 7 దాటే వీలుంది. కాబట్టి పదులకు, వందలకు వెళ్లకండి.

మొదటి పదం: 62.5% అంటే 5/8. 960ని 8తో భాగిస్తే 120, అయిదింతలు 600.

రెండోది: 3672 ÷ 51. పైన చేసిందే, 72.

మూడోది: 18 × 15 = 270.

కుడివైపు: 12² = 144.

ఇప్పుడు 600 + 72 − 270 = 402. కుడివైపు ప్లస్ 144 ఉంది కాబట్టి ఇటు వస్తే మైనస్. 402 − 144 = 258.

దశాంశాలతో సహా పూర్తిగా చేస్తే 257.4 వస్తుంది. మన జవాబు ఒకటి కూడా తప్పలేదు. రెండో పదంలో 74 వేసినా మొత్తం 260 వచ్చేది, అప్పుడు కూడా 258నే గుర్తించేవాళ్లు. ఆప్షన్ల దూరం కాపాడటం అంటే ఇది. ఆప్షన్లలో 260 కూడా ఉంటే మాత్రం కాపాడదు.

మిగతా ఆప్షన్లు ఊరికే పెట్టినవి కావు. 144ను తీసేయాల్సింది పోయి కూడితే 402 + 144 = 546. 12 వర్గాన్ని కంగారులో 24 అనుకుంటే 402 − 24 = 378. మీరు చేసే తప్పు జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది. అందుకే మీకొచ్చిన సంఖ్య ఆప్షన్లలో ఉంది కదా, ఇక సరైనదే అనుకోవద్దు.

ఇక పైన చెబుతానన్న మినహాయింపు. 4.02 × 1249 − 4980 చూడండి. 4 × 1250 = 5000, అందులోంచి 4980 పోతే 20 అని రాస్తారు. అసలు జవాబు 41. సగానికి సగం తప్పు. 4.02ను 4 చేయడం అరశాతం తేడాయే, 5000లో అది 25. కానీ తీసివేత తర్వాత మిగిలింది 41 మాత్రమే కాబట్టి ఆ 25 పెద్ద తప్పయింది. పెద్ద సంఖ్యలు రెండు దాదాపు సమానంగా ఉండి, వాటి మధ్య మైనస్ ఉంటే రౌండ్ చేసినదాన్ని తిరిగి సరిచేయాలి: 4 × 1249 = 4996, 0.02 × 1249 = 25 సుమారు. కలిపితే 5021. 5021 − 4980 = 41. అయిదు సెకన్లు ఎక్కువ పడుతుంది, పెట్టండి.

6. జవాబు సరిచూడటం

అప్రాక్సిమేషన్‌కు సరిచూపు సులువు. మీరు చేసిన ప్రతి పదం దగ్గర పెరిగిందా తగ్గిందా అని చిన్న బాణం గుర్తు పెట్టుకోండి. పై లెక్కలో 959.87ను, 62.48ను పెంచాం కాబట్టి మన 600 అసలు విలువ కంటే ఎక్కువ. కాబట్టి రెండు ఆప్షన్ల మధ్య ఊగుతుంటే చిన్నదానివైపు వెళ్లాలి. మైనస్ తర్వాత ఉన్న పదంలో బాణం తిరగబడుతుందని మరవకండి. తీసేసేదాన్ని పెంచి ఉంటే మీ జవాబు తగ్గి ఉంటుంది.

సింప్లిఫికేషన్‌కు రెండు సరిచూపులు. ఒకటి చివరి అంకె. 37 × 24 + 56 × 15 − 19² లో చివరి అంకెలు 8, 0, 1. అంటే 8 + 0 − 1 = 7. ఆప్షన్లలో 7తో ముగిసేది ఒక్కటే ఉంటే అక్కడితో అయిపోయింది, లెక్క చేయనవసరం లేదు.

కానీ ఆప్షన్లు 1347, 1357, 1367, 1377, 1387 అయితే? అన్నీ 7తోనే ముగుస్తాయి. అప్పుడు అంకెల మొత్తం వాడండి. ప్రతి సంఖ్య అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడండి. 37 అంటే 10, అంటే 1. 24 అంటే 6. గుణిస్తే 6. 56 అంటే 11, అంటే 2. 15 అంటే 6. గుణిస్తే 12, అంటే 3. 19 అంటే 10, అంటే 1, వర్గం 1. ఇప్పుడు 6 + 3 − 1 = 8. ఆప్షన్లలో అంకెల మొత్తం 8 వచ్చేది 1367 ఒక్కటే. లెక్క చేసి చూడండి: 888 + 840 − 361 = 1367.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. అంకెలు తారుమారైతే పట్టుకోలేదు, 1367కు బదులు 1376 రాసినా మొత్తం 8 వస్తుంది. భాగహారం ఉంటే నేరుగా పనిచేయదు, ముందు భాగహారం పూర్తి చేసి ఆ జవాబుకు వాడుకోవాలి. తీసివేతలో మైనస్ వస్తే 9 కలపండి. రౌండ్ చేసిన లెక్కలకు దీన్ని అసలు వాడకండి.

మీరే చేసి చూడండి

గడియారం పెట్టుకుని, ఒక్కోదానికి అర నిమిషం.

1. 719.8లో 83.33% − 15.98 × 11.03 = ?
2. 96 ÷ 12 × 4 − 25 + 13 = ?
3. 5¼ − 2⅔ + 1⅚ = ?
4. 3.04 × 849 − 2540 = ?

జవాబులు: మొదటిది 424 (5/6 వాడితే 600, దాన్నుంచి 176). రెండోది 20. మీకు −6 వచ్చిందంటే 25కు 13 కూడి తీసేశారన్నమాట. మూడోది 4 పక్కన 5/12. హారాల క.సా.గు. 12, భిన్నాలు 3 − 8 + 10 = 5. మధ్యలో 3 − 8 దగ్గర ఆగి పూర్ణాంకం నుంచి అప్పు తెచ్చుకోనక్కర్లేదు, ముందు 10 కూడి తర్వాత 8 తీసేయండి. నాలుగోది 41. మీకు 10 వచ్చి ఉంటే 5వ మెట్టులో చివరి పేరా ఇంకోసారి చదివి, 0.04 × 849ను మళ్లీ కలిపి చూడండి.